ముప్పై ఒక్క నిమిషాలు వద్దన్న మా అక్క

ఈ ఊళ్ళో లిఫ్టులు ఇనుప తాళ్ళ మీద నడుస్తాయని మీరు అనుకుంటూ ఉంటారు. పొరపాటు. అవి మా అక్క గొంతు మీద నడుస్తాయి. ఆమెకు జలుబు చేసి గొంతు పట్టేసిన రోజున తొమ్మిదో అంతస్తుకు వెళ్ళాల్సిన జనమంతా మెట్లెక్కారు. ఎక్కినవాళ్ళలో ఒకాయన, ఆరో అంతస్తు దగ్గర వైరాగ్యం పుట్టి, అక్కడే ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండిపోయాడు. నేను అబద్ధం చెబుతున్నానని మా బావ అంటాడు. బావ స్కూల్ బస్సు నడుపుతాడు, నేల మీద తిరిగే మనిషి, ఆయనకు పై అంతస్తుల సంగతి ఏం తెలుస్తుంది?

అసలు విషయం చెబుతాను. మా అక్క లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో కాల్ డెస్కులో పనిచేస్తుంది. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే ఫోన్ మోగేది ఆమె చెవిలోనే. ఏ లిఫ్టు, ఏ అంతస్తు, లోపల మనుషులున్నారా లేరా కనుక్కుని, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపించి, పని అయ్యేదాకా వెంటపడడం ఆమె ఉద్యోగం. చదువులో మా ఇంట్లో ఫస్టు ఆమె. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీని పీకేసి, అంటే కాలేజీకి నా అవసరం లేదని తేల్చేసి, బండి సీట్లకు కవర్లు కుట్టే షాపు పెట్టుకున్నవాణ్ణి నేను. ఈ చుట్టుపక్కల నేను కుట్టిన సీటు మీద కూర్చోని మగాడు లేడు. కూర్చోని ఆడమనిషి మా అక్క ఒక్కతే, ఆమె బస్సెక్కుతుంది.

ఏడేళ్ళుగా అదే డెస్కు, అదే కుర్చీ. ఆ కుర్చీ కవరు కూడా చిరిగిపోయింది, నేను కుట్టిస్తానంటే ఆఫీసు ఆస్తి ముట్టుకోకూడదంది. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఆమె దగ్గరే పని నేర్చుకుని, షిఫ్టు ఇంచార్జి అయినవాళ్ళు ఇప్పటికి ముగ్గురు. మూడోవాణ్ణి మేం బొంగరం అంటాం. ఎప్పుడు చూసినా కుర్చీలో గిర్రున తిరుగుతూ ఉంటాడు. బ్లాకు పేరు అడగకుండా మెకానిక్‌ని పంపేసి, వాడు అపార్ట్‌మెంటు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేలా చేసిన ఘనుడు. వాడు ఇంచార్జి, మా అక్క వాడి కింద. ఆ మాట విన్న రోజు నేను సీటు కుట్టే సూది వేల్లో గుచ్చుకున్నాను. కోపంలో రెండో వేల్లో కూడా గుచ్చుకున్నాను.

ఇంచార్జి పోస్టు ఎవరికివ్వాలో ఏడాదికోసారి జరిగే రివ్యూలో తేలుతుంది. ప్రతి ఉద్యోగీ ముందు తన పని గురించి తానే ఒక ఫారంలో రాసుకోవాలి. దాని మీద మేనేజరు రేటింగు వేస్తాడు. ఐదు మెట్లు. మా అక్కకు రెండేళ్ళుగా మధ్య మెట్టు: "అంచనాలకు తగినట్టు." మధ్య మెట్టు మీద ఉన్నవాళ్ళను ఇంచార్జి చెయ్యరు. బొంగరం వేరే బ్రాంచికి వెళ్ళిపోతున్నాడు కాబట్టి ఈసారి కుర్చీ ఖాళీ. ఈసారీ మధ్య మెట్టే వస్తే నాలుగోవాడికి పని నేర్పించాల్సిందే.

సెలవురోజు మధ్యాహ్నం నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేసరికి ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. ఏడేళ్ళలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, మా మీద తప్ప.

"ఏం రాశావో చూపించు," అన్నాను.

"నీకేం అర్థమవుతుందిరా?"

"నాకు అర్థం కాకపోతే మీ మేనేజరుకు ఏం అర్థమవుతుంది? చూపించు."

చూపించింది. నేను పైకి చదివాను. "ఈ సంవత్సరం నేను అంకితభావంతో, బాధ్యతాయుతంగా పనిచేశాను. కస్టమర్లకు మెరుగైన సేవ అందించాను. టీంకు ఎల్లవేళలా అండగా నిలిచాను. పని వేగం గణనీయంగా పెరిగింది."

నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"ఎందుకురా ఆ ఇకిలింపు?"

"అక్కా, ఇది నా షాపు బోర్డు! నాణ్యమైన పని, నమ్మకమైన సేవ, ఒక్కసారి రండి. ఆ బోర్డు నేనే రాయించాను. పక్క షాపువాడి బోర్డు మీదా అదే ఉంది. వాడు కుట్టిన సీటు వానొస్తే స్పాంజిలా పీలుస్తుంది."

"అయితే ఏం రాయాలట?"

"బొంగరం పోయినేడాది ఏం రాశాడో తెలుసా నీకు?"

ఆమె మొహం మాడిపోయింది. తెలుసు. వాడే గొప్పగా చూపించాడట. ఎన్ని కాల్స్ ఎత్తాడో, ఎన్ని రింగుల్లోపల ఎత్తాడో, పోయినేడాదికీ ఈ ఏడాదికీ తేడా ఎంతో, రిపోర్టు ఏ తేదీదో. పని మా అక్కది, లెక్క వాడిది.

"అంటే నేను చేసింది వాళ్ళకి కనిపించదా? ఎదురుగానే కూర్చుంటాను కదా ఏడేళ్ళుగా! వాడికి పని నేర్పింది నేను. మేనేజరు కాఫీ కప్పు పట్టుకుని నా వెనకే నిలబడి ఫోన్లు వింటాడు. ఇప్పుడు నేను నాకు సర్టిఫికెట్ రాసుకోవాలా? సిగ్గులేకుండా?"

"సిగ్గు కాదే, గొప్పలు చెప్పుకోవడమన్నది ఒక కళ. నన్ను అడుగు. పోయినేడాది నేను మూడు వేల సీట్లు కుట్టాను."

"మూడు వందలు కూడా కుట్టలేదు."

"చూశావా? నేను నంబరు చెప్పగానే నువ్వు వాదనకు దిగావు. 'చాలా సీట్లు' అని ఉంటే పట్టించుకునేదానివి కాదు."

బావ టీవీ దగ్గర్నుంచే అన్నాడు, "వీడు జన్మలో మొదటిసారి పనికొచ్చే మాట చెప్పాడు."

నేను చెబితే నమ్మరు గానీ అక్క అప్పుడు ఆ నాలుగు వాక్యాలనూ చెరిపేసింది. ఆఫీసు సిస్టమ్ నుంచి తను చూడగలిగిన రిపోర్టులన్నీ తెరిచింది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని నేను ఆమె మీద అరిచాను, ఆమె నా మీద అరిచింది.

మొదటిది, తిరిగి వచ్చిన కాల్స్. మెకానిక్ బాగుచేసి వెళ్ళిన లిఫ్టు నెలలోపు అదే జబ్బుతో మళ్ళీ ఆగిపోతే దాన్ని రిపీట్ అంటారు. అక్క డెస్కుకు వచ్చిన కాల్స్‌లో పోయినేడాది నూటికి పద్దెనిమిది రిపీట్లు. ఈ ఏడాది పదకొండు.

"ఎందుకు తగ్గాయి?" అన్నాను.

"మెకానిక్ 'అయిపోయింది' అనగానే కాల్ మూసెయ్యడం మానేశాను. ముందు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, ఒకసారి పైదాకా ఎక్కి దిగి చెప్పమంటాను. తలుపు ప్రతి అంతస్తులోనూ సరిగ్గా మూసుకుంటుందా అని అడుగుతాను. అప్పుడు మూస్తాను."

"అది రాయి! ఏం చేశానో అది, ఎంత తగ్గిందో ఇది. పద్దెనిమిది నుంచి పదకొండుకి."

రాసింది. రాసి, ఆగి, మళ్ళీ రిపోర్టులోకి వెళ్ళింది. "రెండు కాంప్లెక్సుల్లో ఈ ఏడాది కొత్త లిఫ్టులు పెట్టారు. కొత్తవి ఆగవు కదా. అది నా గొప్ప కాదు." ఆ రెంటినీ రెండేళ్ళ లెక్కల్లోంచీ తీసేసింది. పదిహేడు నుంచి పన్నెండు అయింది.

నా ప్రాణం ఉసూరుమంది. "అక్కా! చేతికొచ్చిన రెండు శాతాన్ని ఎవరైనా చెత్తబుట్టలో వేస్తారా?"

"వాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"ఎవరు అడుగుతారు?"

"నేనైతే అడుగుతాను."

రెండోది, లోపల ఇరుక్కుపోయినవాళ్ళు. ఇది ఆమె అసలైన విద్య. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే, "తలుపు లాగకండి, దూకడానికి ప్రయత్నించకండి, గాలి ఆడుతుంది, మనిషి బయల్దేరాడు" అని మెకానిక్ వచ్చేదాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉంటుంది. ఆలస్యం రోడ్డు మీద కాదని ఆమె కనిపెట్టింది. మెకానిక్ వచ్చాక లిఫ్టు మెషిన్ రూము తాళం ఎవరి దగ్గరుందో తెలియక, సెక్రటరీ ఎక్కడో, ఆయన బావమరిది ఎక్కడో అని వెతుక్కోవడంలోనే సగం సమయం పోతోంది. అందుకని ఏడాది మొదట్లోనే ప్రతి బిల్డింగుకూ ఫోన్ చేసి తాళం ఎవరి దగ్గరుంటుందో అడిగి సిస్టమ్‌లో ఆ బిల్డింగు వివరాల్లో ఎక్కించింది. ఇప్పుడు ఎవరైనా ఇరుక్కున్న ఫోన్ రాగానే మెకానిక్‌తో పాటు తాళం ఉన్న మనిషిని కూడా బయల్దేరదీస్తుంది. ఇరుక్కున్న ఫోన్ వస్తే దగ్గర్లో ఉన్న మెకానిక్ చేతిలో పని వదిలేసి ముందు అటే వెళ్ళాలి, మామూలు కాల్స్ వరసలో ఆగుతాయి. ఫోన్ ఎత్తినప్పటి నుంచి మనిషి బయటపడేదాకా సగటున పోయినేడాది నలభై ఒక్క నిమిషాలు. ఈ ఏడాది ఇరవై ఏడు. ఆ సమయం ఎవరో మీట నొక్కితే వచ్చేది కాదు. లోపలున్నవాళ్ళు బయటికొచ్చి, "వచ్చేశామమ్మా" అన్నాక ఆమె వేసేది. ఆ ఫోన్లన్నీ రికార్డు అవుతాయి.

"టీం పని కదా ఇది," అని ఆమెకు మళ్ళీ సందేహం. "తలుపు తీసేది మెకానిక్‌లు."

"నీ పాలు నువ్వు రాసుకో. తాళాల వివరాలు సేకరించింది ఎవరు?"

"నేనే."

"అదే రాయి. తలుపు తీసింది వాళ్ళని కూడా రాయి. ఎవరూ నష్టపోరు."

మూడోది, ఆమెకు తక్కువ వచ్చిన అంశం. బిల్డింగు, బ్లాకు తప్పు రాయడం నూటికి రెండు లోపు ఉండాలని లక్ష్యం, ఆమెకు మూడు వచ్చింది. దాన్ని దాచెయ్యమన్నాను. దాచలేదు. మూడు అపార్ట్‌మెంట్లకు ఒకే పేరు ఉందనీ, ఇప్పుడు వీధి పేరు కూడా అడుగుతోందనీ, ఆ అలవాటు మొదలుపెట్టాక గత మూడు నెలల్లో రెండు లోపే ఉందనీ రాసింది.

ఇక నాలుగోది. అందరికంటే పెద్దది. మెకానిక్ చేరే సమయం. అన్ని రకాల కాల్స్‌నీ కలిపి, ఫోన్ వచ్చినప్పటి నుంచి మెకానిక్ అక్కడికి చేరి తన ఫోన్లో "చేరాను" అని నొక్కేదాకా ఎంత పట్టిందన్నది. లక్ష్యం ముప్పై ఐదు. పోయినేడాది సగటు యాభై రెండు. ఈ ఏడాది ముప్పై ఒకటి! రేటింగులో ఎక్కువ బరువున్నది ఇదే. చూడగానే నేను లేచి నిలబడి, బావను కూడా లేపాను.

"యాభై రెండు నుంచి ముప్పై ఒకటికి! అక్కా, ఇది చాలు, మిగతావన్నీ చెరిపేసినా పర్లేదు. వెంటనే దండ తెప్పిస్తాను."

ఆమె మాత్రం స్క్రీన్ వైపు అనుమానంగా చూస్తోంది. ఏడేళ్ళుగా రోజంతా మెకానిక్‌లు ఎక్కడున్నారో వింటున్న మనిషి. "ఇరవై ఒక్క నిమిషాలు తగ్గడానికి నేనేం చేశాను?" అంది. "రోడ్లు మారలేదు. మెకానిక్‌లు పెరగలేదు. బండ్లు అవే."

"నీ అదృష్టం అనుకో."

"అదృష్టానికి ఫారంలో గడి లేదు."

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాక ఆమె ఏం చేసిందో నాకు చెప్పింది. అక్కడ అందరూ పెదనాన్న అని పిలిచే పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. సామాన్లు తీసుకోవడానికి ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయన్ని పక్కకు పిలిచి అడిగింది.

"పెదనాన్నా, నిజం చెప్పు. 'చేరాను' అని ఎప్పుడు నొక్కుతావు?"

"చేరినప్పుడు."

"పెదనాన్నా."

"...దారిలో ఉన్నప్పుడు."

"ఎందుకు?"

"ముప్పై ఐదు నిమిషాలు దాటితే స్క్రీన్ మీద ఆ కాల్ ఎర్రగా మారుతుంది తల్లీ. ఎర్రగా మారితే పైనుంచి ఫోన్. ట్రాఫిక్‌లో ఉన్నానంటే ఆ ఫోన్ ఎత్తినందుకు ఇంకో రెండు నిమిషాలు. అందుకని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే నొక్కేస్తాం. అందరూ నొక్కుతారు. ఈ ఏడాది మొదట్నుంచీ రోజూ పొద్దున మీటింగులో 'ఎరుపు కనిపించకూడదు' అంటున్నారుగా. కనిపించట్లేదు."

ఆయన మీద కోపం రాలేదట ఆమెకు. ఆ మీటింగు మీద వచ్చింది. లిఫ్టులో చిన్నపిల్లతో ఇరుక్కున్న తల్లికి, "మా మనిషి చేరాడు, రెండు నిమిషాలు" అని తను ఎన్నిసార్లు చెప్పిందో గుర్తొచ్చింది. స్క్రీన్ మీద "చేరాను" అని ఆకుపచ్చగా ఉంటే నమ్మి చెప్పింది. మనిషేమో సిగ్నల్ దగ్గర ఉన్నాడు. "అబద్ధం నా గొంతుతో చెప్పించారురా," అని నాతో అంది.

ఆమె ఊరుకోలేదు. ఆ వారమంతా, స్క్రీన్ మీద "చేరాను" అని కనిపించిన వెంటనే కొన్ని బిల్డింగుల వాచ్‌మన్లకు ఫోన్ చేసింది.

"వాచ్‌మన్ గారూ, మా మెకానిక్ వచ్చాడా?"

"ఎవరూ రాలేదమ్మా. గేటు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను, నేనూ, కుక్కా."

ఇలా ముప్పై ఫోన్లు. పంతొమ్మిదింట్లో మనిషి ఇంకా రాలేదు. ఎవరి పేరూ రాసుకోలేదు. పేర్లు రాస్తే మెకానిక్‌ల జీతాల మీద పడుతుందని ఆమెకు తెలుసు.

ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఆ అంశం ముందే నిర్ణయించిన లక్ష్యం కాబట్టి ఫారంలో దాన్ని వదిలెయ్యడానికి వీల్లేదు. ఆ గడిలో ఏదో ఒకటి రాయాలి.

"ముప్పై ఒకటి అని రాసి ఊరుకో," అన్నాను ఫోన్లో. "సిస్టమ్ చెప్పిన మాటే కదా. నువ్వు కల్పించలేదు."

"రాస్తే నాది అవుతుంది."

"అవ్వనీ! ఏడేళ్ళు ఊడిగం చేశావు, ఒక్క నంబరు ఊరికే వస్తే తప్పేంటి?"

"నువ్వు కుట్టని సీటుకి డబ్బులు తీసుకుంటావా?"

నేను తీసుకుంటాను. కానీ ఆ సమయంలో ఆ మాట అనడం బాగోదనిపించింది.

ఆమె ఆ గడిలో రాసింది ఇది: "సిస్టమ్ ప్రకారం సగటు ముప్పై ఒక్క నిమిషాలు. అయితే ఈ వారం ముప్పై కాల్స్‌లో 'చేరాను' అని కనిపించగానే వాచ్‌మన్లకు ఫోన్ చేసి చూస్తే, పంతొమ్మిదింట్లో మెకానిక్ ఇంకా రాలేదు. ముప్పై చిన్న సంఖ్యే, ఇంకా ఎక్కువ చూడాలి. ఈ తగ్గుదలను నా సాధనగా లెక్కించడం లేదు. చేరిన సంగతిని డెస్కు నుంచి ఫోన్ చేసి నిర్ధారించుకునే పద్ధతి పెట్టమని కోరుతున్నాను."

ఫారం పంపింది. నాలుగు రోజుల తర్వాత మేనేజరు తన గదికి పిలిచాడు. అద్దాల గది. లోపల అరిస్తే బయటికి వినపడదు గానీ మొహాలు కనపడతాయి. డెస్కులో అందరూ ఫోన్లు ఎత్తుతూనే కళ్ళు అటు పెట్టారు. మేనేజరు మంచివాడేనని అక్క అంటుంది. చెడ్డవాడని నేను అంటాను. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరదు.

"చాలా బాగా రాశారండి ఈసారి," అన్నాడు ముందు. "నంబర్లు, పోలికలు, అన్నీ. ఈ తాళాల పని సూపర్. ఒక్క పేరా తీసెయ్యండి."

"ఏది సార్?"

"ముప్పై ఒకటి. నంబరు ఉంచండి, కింద ఉన్న కథ తీసెయ్యండి."

"కథ కాదు సార్. ఫోన్ చేసి చూశాను."

"మిమ్మల్ని ఎవరైనా చెయ్యమన్నారా?"

"లేదు సార్."

"అదే నేననేది. అది మన బ్రాంచి నంబరు. నా ఫారంలో కూడా అదే మొదటి లైను."

అక్కడ ఆమెకు అర్థమైంది. ఆయన రివ్యూ కూడా ఇప్పుడే జరుగుతోంది. ఆయన పైవాళ్ళకు చెప్పుకున్న ఘనకార్యం ఆ ముప్పై ఒకటే.

"మీ ఫారం గురించి నేనేం రాయలేదు సార్. నాది నేను రాసుకున్నాను."

"చూడండి, మీరు దీన్ని తీసేస్తే 'అంచనాలకు మించి' ఇవ్వడానికి నాకేం అడ్డు లేదు. ఇంచార్జి కుర్చీ కూడా ఖాళీ అవుతోంది, తెలుసుగా."

"తీయకపోతే?"

"తీయకపోతే... మీరు కొంచెం నెగటివ్‌గా ఆలోచిస్తున్నారేమో అనిపిస్తుంది. ఇంచార్జికి టీం స్పిరిట్ కావాలి."

చదువుతుంటే మీకు ఒళ్ళు మండిందా? నాకు ఈ లైను రాస్తుంటేనే పెన్ను విరిగింది. ఒక మనిషి ఏడాది పాటు ఇరుక్కున్నవాళ్ళను పధ్నాలుగు నిమిషాలు ముందే బయటికి తెప్పిస్తే, ఆమె ముందు పెట్టింది ఏంటి? తన నోరు తనే మూసుకుంటే కుర్చీ ఇస్తారట! గట్టిగా చెప్పాలంటే ఆ కుర్చీ ఎప్పుడో ఆమెది.

ఆమె నిదానంగా అడిగిందట, "సార్, రిపీట్లలో నేను ఎక్కడ తగ్గాను?"

"లేదండీ."

"ఇరుక్కున్నవాళ్ళ సమయంలో?"

"లేదు."

"తప్పు చిరునామాలు మూడు శాతం, అది నేనే రాశాను. దానికి మార్కులు తీసెయ్యండి. మిగతా తగ్గింది దేంట్లోనో చెప్పండి. నంబరు చెప్పండి."

"కొన్నిటికి నంబరుండదు. యాటిట్యూడ్."

"మరి నాకు మాత్రం అన్నిటికీ నంబరు రాయమన్నారు కదా సార్."

ఆయన నీళ్ళు తాగాడు. ఆమె లేచి వచ్చేసింది. పేరా తీయలేదు.

రేటింగు మళ్ళీ మధ్య మెట్టే వేశాడు. "అంచనాలకు తగినట్టు. టీం స్పిరిట్ మెరుగుపరచుకోవాలి." ఆ మాట వినగానే నేను షాపు మూసి వాళ్ళాఫీసుకు బయల్దేరాను. బావ బస్సు అడ్డంపెట్టి ఆపాడు. పిల్లలు కిటికీల్లోంచి నన్ను చూసి చేతులూపారు. ఆ వేళ ఆ మేనేజరు చాలా అదృష్టవంతుడు.

"నువ్వెళ్ళి ఏం చేస్తావురా?" అంది అక్క సాయంత్రం.

"నాలుగు మాటలంటాను!"

"నాలుగు మాటలు నేనే రాసేశాను."

రేటింగు కింద ఉద్యోగి సంతకం చేసే చోట రెండు గడులుంటాయి. "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని ఒకటి, "చదివాను, ఒప్పుకోవడం లేదు" అని ఇంకొకటి. వాళ్ళ బ్రాంచిలో రెండోది ముట్టుకున్నవాడు లేడు. దాన్ని ముడితే ఉద్యోగం పోతుందన్నట్టు అందరూ దూరంగా ఉంటారు. మా అక్క దాన్నే ఎంచుకుంది. కింద ఏం రాసిందో చూపించింది. నేను ఎదురుచూసిన తిట్లు ఒక్కటీ లేవు. "నా లక్ష్యాల్లో ఏది ఎంత తగ్గిందో రేటింగులో రాయలేదు. రిపీట్ కాల్స్, ఇరుక్కున్నవాళ్ళు బయటపడిన సమయం రిపోర్టులు జతచేశాను. 'టీం స్పిరిట్' అంటే ఏ సంఘటన గురించో తేదీతో చెప్పమని కోరుతున్నాను."

"ఒక్క బూతు కూడా లేదా?" అన్నాను.

"'తేదీతో' అని రాశాగా."

అలాంటి ఫారాలు ఒక్క మేనేజరు దగ్గరే ఆగవు. అన్ని బ్రాంచీల రేటింగులూ పక్కపక్కన పెట్టి, ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా కాకుండా సరిచూసే మీటింగు ఒకటుంటుంది. దాన్లో కూర్చునేది అన్ని బ్రాంచీల మీదుండే పెద్ద మేడం. "ఒప్పుకోవడం లేదు" అన్న ఫారాన్ని ఆమె విడిగా చూడాల్సిందే.

పది రోజులు ఏ కబురూ లేదు. అక్క ఫోన్లు ఎత్తుతూనే ఉంది. నాలుగోవాడు ఎవరో కొత్త కుర్రాడు వస్తున్నాడని బొంగరం గుసగుసగా చెప్పాడట, చెప్పేటప్పుడు కూడా కుర్చీలో తిరుగుతూనే. నేను మాత్రం రోజూ ఫోన్ చేసి, "ఆ గడిలో ముప్పై ఒకటి అని రాసి ఊరుకుని ఉంటే ఈపాటికి..." అని మొదలుపెట్టి, ఆమె ఫోన్ పెట్టేసేదాకా మాట్లాడేవాణ్ణి. ఒక పక్క నాకు ఆమెను చూస్తే కోపం, ఇంకో పక్క ఆ ఆఫీసును చూస్తే కోపం. రెండు కోపాలతో కుట్టిన సీట్లన్నీ వంకర పోయాయి.

పదకొండో రోజు పని మధ్యలో ఆమె డెస్కు ఫోనే మోగింది. ఎవరో ఇరుక్కున్నారేమో అనుకుని, "ఏ అంతస్తండీ?" అంది.

"నేను ఇరుక్కోలేదమ్మా," అంది అవతల పెద్ద మేడం. "మీ ఫారం చదివాను. ఆ ముప్పై కాల్స్ ఎలా ఎంచుకున్నారు?"

"నా షిఫ్టులో వచ్చినవే మేడం. పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని. వరసగా కాదు, పని తక్కువున్నప్పుడు. అందుకే చిన్న సంఖ్య అని రాశాను."

"మెకానిక్‌ల పేర్లు?"

"రాసుకోలేదు మేడం. వాళ్ళ తప్పు కాదు. ఎరుపుకి భయపడి నొక్కుతున్నారు."

"మీకు లాభం ఉన్న నంబరును మీరే ఎందుకు వద్దన్నారు?"

"అది నేను చేసింది కాదు కదా మేడం."

అంతే. ఫోన్ పెట్టేశారు. వెంటనే ఇంకో ఫోన్, ఐదో అంతస్తులో ఎవరో పెద్దాయన. మా అక్క తాళం ఎవరి దగ్గరుందో చూసింది.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఇది నేను స్వయంగా చూసినట్టే చెబుతాను, పెద్ద మేడం కార్లో దిగింది. అద్దాల గదిలోకి నడిచింది. మేనేజరు కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఆమె మా అక్క ఫారం బయటికి తీసి, అందరి ముందూ చదివింది. చదవడం పూర్తి కాగానే డెస్కంతా లేచి నిలబడి, హెడ్‌సెట్లు తీసి చప్పట్లు కొట్టింది. బొంగరం తన కుర్చీని తోసుకుంటూ తెచ్చి మా అక్క ముందు పెట్టాడు. పాతికమంది మెకానిక్‌లు గేటు దగ్గర హారన్లు మోగించారు. మేనేజరును ఆ సాయంత్రమే తీసేశారు. ఆ మర్నాటి నుంచి మా అక్క ఇంచార్జి, ఊళ్ళో ఏ లిఫ్టూ ఆగలేదు.

ఇదంతా రాసి, మా అక్కకు చదివి వినిపించాను. పుట్టి బుద్ధెరిగాక నా కథ ఏదీ పూర్తిగా వినని మనిషి, ఈసారి చివరిదాకా విన్నది. విని, గిన్నెలు సర్దుకుంటూ అంది:

"ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్ద మేడం రానేలేదు, మెయిల్ పంపింది. నా రేటింగు ఒక మెట్టు పెరిగింది, ఇంచార్జి పోస్టు ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. మేనేజరు అక్కడే ఉన్నాడు. ఇప్పుడు మెకానిక్ చేరాడో లేదో డెస్కు నుంచి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి అడిగాకే టైము వేస్తున్నాం, సగటు నలభై ఆరు నిమిషాలు వస్తోంది."